పంటి నొప్పికి లవంగ నూనె నేరుగా పెట్టొచ్చా? చంటిపిల్లల చిగుళ్ళకి రాయొచ్చా?

నిద్రలేని_నాని
కింది దవడలో ఒక పన్ను పుచ్చింది. పగలు ఎలాగో ఓర్చుకుంటున్నాను కానీ రాత్రి పడుకున్నానో లేదో పొడిచేస్తోంది. పళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. అప్పటిదాకా గడవాలని లవంగ నూనె చిన్న సీసా తెచ్చాను. దాని మీద "100 శాతం స్వచ్ఛం" అని ఉంది తప్ప ఎంత వాడాలో ఎక్కడా లేదు. ఒకరేమో దూది ముంచి నేరుగా పంట్లో పెట్టుకోమన్నారు, ఇంకొకరు నీళ్ళలో కలిపి పుక్కిలించమన్నారు. ఏది సరైనది?

ఇంకో సంగతి కూడా ఉంది. మా పాపకి ఏడాదిన్నర, దవడ పళ్ళు వస్తున్నాయి, ఒకటే ఏడుపు. ఇదే నూనె ఒక చుక్క చిగుళ్ళకి రాస్తే ఊరుకుంటుందని అమ్మ అంటోంది. రాయొచ్చా?

కొండమల్లి
నేరుగా పెట్టేయండి, ఏం కాదు. పంటి నొప్పికి లవంగాన్ని మించింది లేదు. మా ఇంట్లో అందరం వాడాం. పాపకి మాత్రం ఒక్క చుక్క చాలు.

వేగుచుక్క
నేరుగా అస్సలు వద్దు. మా తమ్ముడు దూదిని సీసాలో ముంచి పంటి పక్కన పెట్టుకుని అలాగే నిద్రపోయాడు. పొద్దున చూస్తే బుగ్గ లోపల, చిగురు మీద తెల్లటి పొర. వేలు తగిలితే పొరలాగే ఊడొచ్చింది, కింద ఎర్రటి పుండు. పంటి నొప్పికి ఈ మంట తోడైంది. వారం దాకా ఏది తిన్నా చుర్రుమనేది.

సందేహాల_శంకర్
నోటి దుర్వాసనకి లవంగ నూనె బాగా పనిచేస్తుంది. టూత్‌పేస్ట్ మీద ఒక చుక్క వేసుకుని తోముకోండి.

వేగుచుక్క
శంకర్ గారూ, ఆయన అడిగింది వాసన గురించి కాదు, నొప్పి గురించి. పైగా పేస్ట్ మీద చుక్క వేసుకున్నా అది పలచబడని నూనే కదా.

మోలార్_మాస్టర్
పళ్ళ వైద్యంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. పాప సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది ఆగేది కాదు. రాయొద్దు. ఒక్క చుక్క కూడా వద్దు, నూనెలో కలిపి కూడా వద్దు. సీసా ఈ రాత్రే పాపకి అందని చోట పెట్టండి. ఎందుకో పిల్లల వార్డులో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉంటే నాకన్నా బాగా చెప్తారు.

ఇక మీ పన్ను. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే పదార్థం, నూటికి 70 నుంచి 90 పాళ్ళు అదే ఉంటుంది. అది నరాన్ని మొద్దుబారుస్తుంది, కాబట్టి మీ ఇంట్లో పెద్దలు చెప్పింది ఉత్తి నమ్మకం కాదు. మేమూ యూజినాల్‌ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌గా వాడతాం. పళ్ళ ఆసుపత్రి తలుపు తీయగానే ముక్కుకి తగిలే ఆ వాసన దానిదే. 2006లో కువైట్ నుంచి వచ్చిన ఒక చిన్న పరిశోధనలో ఇంట్లో తయారుచేసిన లవంగ జెల్, చిగురుని మొద్దుబార్చే మందు బెంజొకెయిన్ జెల్ రెండూ సూది నొప్పిని దాదాపు ఒకేలా తగ్గించాయని తేలింది.

కానీ మొద్దుబార్చే ఆ పదార్థమే గాఢంగా తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. వేగుచుక్క గారు చెప్పిన తెల్ల పొర అదే, కాలిన కణజాలం. చిగురు, నాలుక, బుగ్గ లోపలి పొర చాలా పలచన. అక్కడ మామూలు చర్మం మీదలా ఓర్పు ఉండదు.

నిద్రలేని_నాని
అయితే ఎలా కలపాలి? నీళ్ళలో కలపమన్న మాట సరైనదేనా?

మోలార్_మాస్టర్
నీళ్ళలో కలవదు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేసి చూడండి, పైన మెరిసే చిన్న చిన్న తెప్పల్లా తేలుతుంది, కొంత అడుక్కి దిగుతుంది. ఎంత కలియబెట్టినా కాసేపటికి మళ్ళీ విడిపోతుంది. నోట్లో పోసుకుంటే ఆ తెప్ప ఎక్కడ తగిలితే అక్కడ అసలు నూనె తగిలినట్టే. ప్లాస్టిక్ గ్లాసు వాడకండి, పలుచటి డిస్పోజబుల్ గ్లాసుల్ని ఈ నూనె మెత్తబరిచేస్తుంది.

వంట నూనెలో కలపండి. కొబ్బరి, ఆలివ్, నువ్వుల నూనె ఏదైనా సరే. ఒక టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. డ్రాపర్ చుక్కలు సుమారుగా 20 కలిస్తే ఒక మిల్లీలీటరు, అంటే ఒక టీస్పూన్‌లో దాదాపు 100 చుక్కలు. అందులో ఒక చుక్క లవంగ నూనె వేస్తే ఒక శాతం. మొదట దానితో మొదలుపెట్టండి. సరిపోకపోతే టీస్పూన్‌కి రెండు, మహా అయితే మూడు చుక్కలు. అంతకంటే గాఢం చేస్తే ఉపశమనం అంతగా పెరగదు, మంట మాత్రం పెరుగుతుంది. సీసా మూతలు రకరకాలు, చుక్క పెద్దదా చిన్నదా అన్నది తేడాగా ఉంటుంది, కాబట్టి తక్కువ వైపే ఉండండి.

ఇయర్ బడ్ కొన ఆ మిశ్రమంలో ముంచి, గిన్నె అంచుకి వత్తండి. కారేంత తడి ఉండకూడదు. అద్దంలో చూస్తూ పుచ్చిన గుంతలో మాత్రమే తాకించండి, చిగురు మీద రాయొద్దు. నాలుగైదు నిమిషాలు ఉంచి ఉమ్మేయండి, మింగొద్దు. రోజుకి మూడు నాలుగు సార్లు చాలు, రెండు రోజులకి మించి వద్దు. దూది ముంచి గుంతలో కూరి నిద్రపోవడం మాత్రం చేయకండి.

కొండమల్లి
అంత లెక్క ఎందుకండీ? మా అమ్మమ్మ పన్ను నొప్పి వస్తే నాలుగు లవంగాలు బుగ్గన పెట్టుకునేది. ఒక్కసారి కూడా పుండు పడలేదు. నూనె కూడా లవంగం నుంచి వచ్చిందే కదా!

అరటిబోదె
ఇక్కడే చాలామంది పొరపడతారు. లవంగం వేరు, దాని నుంచి ఆవిరి పట్టి తీసిన నూనె వేరు. లెక్క వేసి చూద్దాం. ఎండు లవంగం ఒక్కోటి అటూ ఇటూగా 0.1 గ్రాము బరువు ఉంటుంది. అందులో నూనె 15 నుంచి 20 శాతం. అంటే ఒక లవంగంలో దాదాపు 15 నుంచి 20 మిల్లీగ్రాముల నూనె. ఒక టీస్పూన్ లవంగ నూనె బరువు 5 గ్రాములు దాటుతుంది. అంటే దాదాపు 250 నుంచి 350 లవంగాల సారం ఒక చెంచాలో ఉన్నట్టు. అమ్మమ్మ బుగ్గన పెట్టుకున్నవి నాలుగే. అందులోంచీ కొంచెం కొంచెం ఊరేది.

కొండమల్లి
సరే, ఇలా చెప్తే అర్థమైంది. అయినా లవంగం నమలడం మీద నాకు నమ్మకం ఉంది, దాన్ని వదలను.

మోలార్_మాస్టర్
పెద్దవాళ్ళయితే లవంగాన్ని నొప్పి పంటి దగ్గర పెట్టుకుని మెత్తబడ్డాక మెల్లగా నొక్కుకోవడం తప్పుకాదు, నూనె కంటే అదే నయం. పుచ్చిన పంటితో కసిగా నమిలితే మాత్రం అప్పటికే బలహీనమైన గోడ విరిగిపోవచ్చు. అలా విరిగిన పళ్ళని చాలానే చూశాను. చిన్న పిల్లలకి లవంగం కూడా వద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

చిన్నక్క
మా బాబుకి పళ్ళు వస్తున్నప్పుడు నేను కూడా ఇలాంటిదే వాడాను కానీ అది కొన్న నూనె కాదు. లవంగాలు కొబ్బరినూనెలో వేసి కాచి, వడకట్టి, వేలికి అద్ది రాసేదాన్ని. ఏమీ కాలేదు. ఇది కూడా ప్రమాదమా?

పిల్లల_వార్డు_సరస్వతి
మీరు చేసింది, కొన్న నూనె రెండూ ఒకటి కాదు, మీది చాలా పలచన. అయినా అందులో ఎంత యూజినాల్ దిగిందో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి లవంగాలు ఎక్కువ పడతాయి, ఒక్కోసారి ఎక్కువసేపు కాస్తారు. మీ బాబుకి ఏం కాలేదని పక్కింటి బిడ్డకి ఏం కాదని చెప్పలేం. నా సలహా వద్దనే.

నాని గారి ప్రశ్నకి వివరంగా చెప్తాను, ఇది నాకు బాగా తెలిసిన విషయం. 1993లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసు ఉంది. రెండేళ్ళ బాబు. తాగింది 5 నుంచి 10 మిల్లీలీటర్ల మధ్య, అంటే ఒకటి రెండు టీస్పూన్లు. కోమాలోకి వెళ్ళాడు, మూర్ఛలు వచ్చాయి, రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతింది, కాలేయం పాడైంది. ఎంతో శ్రమపడితే బతికాడు. ఒకటి రెండు చెంచాలు అంటే చిన్న సీసాలో సగం నుంచి మొత్తం. బిడ్డ చేతికి సీసా అందితే, మూత లాగేసి తాగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఈ సీసాల మూతలు చాలావాటికి పిల్లలు తీయలేని ఏర్పాటు కూడా ఉండదు.

ఇందులో మోసం ఏంటంటే, తాగిన వెంటనే కొందరు బిడ్డలు బాగానే కనిపిస్తారు. కాస్త దగ్గు, వాంతి, నోటి మంట, మత్తు, అంతే. కాలేయం దెబ్బ ఆ తర్వాత, ఒక రోజు గడిచాక బయటపడవచ్చు. యూజినాల్ కాలేయంలోకి చేరాక పారాసిటమాల్ ఎక్కువైతే జరిగే నష్టం లాంటిదే జరుగుతుంది, అందుకే డాక్టర్లు ఎసిటైల్‌సిస్టీన్ అనే అదే విరుగుడు వాడిన సందర్భాలున్నాయి. "ఆడుకుంటోంది కదా, పొద్దున్న చూద్దాం" అని ఇంట్లో ఉంచుకోవడం ఇక్కడ పనికిరాదు.

నిద్రలేని_నాని
చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. సీసా లేచి వెళ్ళి బీరువా పైన పెట్టాను. అమ్మకి కూడా చదివి వినిపించాను, ఒప్పుకుంది. పొరపాటున బిడ్డ మింగితే ఏం చేయాలో కూడా చెప్పండి.

పిల్లల_వార్డు_సరస్వతి
వాంతి చేయించకండి. ఇది ముఖ్యం. నూనె పైకి వచ్చేటప్పుడు కొంత ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా లాంటి ఇబ్బంది వస్తుంది. గొంతులో వేలు పెట్టడం, ఉప్పు నీళ్ళు తాగించడం లాంటివి వద్దు. నోట్లో మిగిలింది తడి గుడ్డతో తుడిచి, చర్మానికి అంటుకున్నది కడిగేసి, సీసా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. సీసా మీదున్న పేరు, సైజు చూస్తే డాక్టర్‌కి ఎంత మింగి ఉండొచ్చో లెక్క తెలుస్తుంది. దారిలో బిడ్డ మత్తుగా అవుతున్నా, మూర్ఛ వచ్చినా, ఊపిరి తేడాగా ఉన్నా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. అక్కడ రక్తంలో చక్కెర, కాలేయం, గడ్డకట్టే పరీక్షలు చేస్తారు, ఒకసారి చేసి వదిలేయరు, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేస్తారు. ఎందుకు మళ్ళీ సూది గుచ్చుతున్నారని గొడవపడకండి.

చిన్నక్క
మరి పళ్ళ నొప్పికి పాపకి ఏం చేయాలి? ఊరికే ఏడవనివ్వలేం కదా. మెడికల్ షాపులో చిగుళ్ళకి రాసే జెల్ ఇస్తారు, అది మంచిదేనా?

పిల్లల_వార్డు_సరస్వతి
శుభ్రంగా కడిగిన వేలితో చిగురు మెల్లగా రుద్దండి. ఫ్రిజ్‌లో చల్లబెట్టిన రబ్బరు రింగ్ ఇవ్వండి, గడ్డకట్టేంత చలువ వద్దు, అది కూడా చిగురుని గాయపరుస్తుంది. జెల్ కొనేముందు బెంజొకెయిన్ ఉందేమో చూడండి. రెండేళ్ళలోపు పిల్లలకి అది వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్ మోసుకెళ్ళే శక్తి తగ్గించే అరుదైన ప్రమాదం ఉందని. మరీ ఏడుపు ఎక్కువైతే బరువుని బట్టి పారాసిటమాల్ ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి. జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా అది పళ్ళ వల్లే అని తోసేయకండి.

సందేహాల_శంకర్
నాకు ఇంకో సందేహం. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్ళు ఈ నూనె వాడొచ్చా? మా నాన్నగారు గుండెకి వేసుకుంటారు.

మోలార్_మాస్టర్
ఇదే శంకర్ గారు మొదట అడగాల్సిన ప్రశ్న! యూజినాల్‌కి రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేసే గుణం ఉంది. బడ్ కొనతో ఒకసారి తాకించినంత మాత్రాన పెద్ద తేడా రాకపోవచ్చు, కానీ మీ నాన్నగారి విషయంలో వద్దనే చెప్తాను. ఆ మందు మానకుండా, పళ్ళ డాక్టర్‌కి ఏం వేసుకుంటున్నారో చెప్పి వెళ్ళండి. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు కూడా అడగకుండా వాడొద్దు.

వేగుచుక్క
మా తమ్ముడి కథలో ఇంకో మలుపు ఉంది. నూనె వాడాక నొప్పి ఒక్కసారిగా మాయమైంది. హమ్మయ్య అనుకుని అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నాడు. కొన్నాళ్ళకి దవడ వాచిపోయింది.

మోలార్_మాస్టర్
ఆ మాట చెప్పినందుకు సంతోషం, ఇది అందరూ చదవాలి. పుచ్చు పంటి లోపలి నరానికి దగ్గరవుతుంటే మొదట చల్లటిది తగిలితే జివ్వుమంటుంది, క్షణాల్లో తగ్గిపోతుంది. ఆ దశలో పుచ్చు తీసి ఫిల్లింగ్ చేస్తే పన్ను దక్కుతుంది. ఆ తర్వాత తగిలినదాన్ని తీసేసినా నొప్పి నిమిషాల తరబడి ఉంటుంది. ఏమీ తగలకపోయినా వస్తుంది, వేడి తగిలితే లేచి కూర్చోబెడుతుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. నాని గారి వర్ణన ఈ దశలా ఉంది. లోపల నరం వాచింది, బయటకి వాచే చోటు లేదు, చుట్టూ గట్టి పన్ను. పడుకుంటే తలకి రక్తం ఎక్కువగా చేరి ఆ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తి పడుకోండి, కాస్త తేడా తెలుస్తుంది.

ఇక నొప్పి హఠాత్తుగా పోయిందంటే చాలాసార్లు నరం చచ్చిపోయిందని అర్థం, నయమైందని కాదు. ఆ తర్వాత చీము వేరు కొన దగ్గర చేరుతుంది, కొరికితే నొప్పి, చిగురు మీద చిన్న గుల్ల, వాపు. లవంగ నూనె ఆ లోపలికి చేరదు.

అరటిబోదె
దీనితో పాటు నొప్పి మాత్రలు వేసుకోవచ్చా? చాలామంది రెండూ కలిపి వాడేస్తుంటారు.

మోలార్_మాస్టర్
నూనె పైపైన తాకిస్తూ మాత్ర వేసుకోవడం పెద్దవాళ్ళకి ఇబ్బంది కాదు, కానీ మాత్ర పొట్లం మీద రాసిన మోతాదు దాటకండి. పంటి నొప్పి ఆగక గంటగంటకీ పారాసిటమాల్ మింగి కాలేయం పాడుచేసుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, జలుబు మాత్రలో కూడా అదే మందు ఉందని తెలియక ఇంకా ఎక్కువ అవుతుంది. ఆస్పిరిన్ మాత్రని చిగురు మీద పెట్టుకోవడం కూడా కొందరికి అలవాటు. అది కూడా చిగురుని కాలుస్తుంది, వద్దు. యాంటీబయాటిక్ మిగిలిందని వేసుకోకండి, వాచిన నరాన్ని అది తగ్గించదు.

ఇప్పుడు గురువారం దాకా ఆగకూడని లక్షణాలు చెప్తాను నాని గారూ. ముఖం లేదా దవడ వాపు పెరుగుతుంటే, జ్వరం వస్తే, నోరు పూర్తిగా తెరవలేకపోతే అదే రోజు వెళ్ళండి. నాలుక కింద గట్టిగా వాచి నాలుక పైకి లేస్తున్నట్టున్నా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, వాపు కంటి వైపు పాకినా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి, పళ్ళ క్లినిక్ కోసం వెతకొద్దు. అక్కడ చీము గొంతు వైపు దిగుతోందేమోనని చూస్తారు.

నిద్రలేని_నాని
ఇప్పటికి వాపు లేదు, జ్వరం లేదు. మిశ్రమం కలిపాను, టీస్పూన్ కొబ్బరినూనెలో ఒక చుక్క. తాకించాక పావుగంటకి కొంచెం తిమ్మిరి వచ్చింది. పూర్తిగా పోలేదు కానీ నిద్ర పట్టేలా ఉంది. దిండు సలహా కూడా పనిచేసింది.

కొండమల్లి
ఒక చుక్కతోనే వచ్చిందా? నేను మూడు చుక్కలేనని పందెం కాసేదాన్ని.

నిద్రలేని_నాని
గురువారం వెళ్ళొచ్చాను. ఎక్స్‌రే తీశారు, నరం పోయింది, రూట్ కెనాల్ అన్నారు. మొదటి సిట్టింగ్ అయింది. లవంగ నూనె వాడానని చెప్తే డాక్టర్ కొద్దిసేపు బాగా కడిగారు, తెల్ల ఫిల్లింగ్‌కి ఇబ్బంది అన్నారు. ఎందుకో అడగలేదు.

మోలార్_మాస్టర్
యూజినాల్ మిగిలితే ఆ తెల్ల ఫిల్లింగ్ మందు సరిగ్గా గట్టిపడదు. అందుకే వాడినవాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి, మీరు చెప్పడం మంచిదైంది.

అరటిబోదె
రెండో సిట్టింగ్ దాకా మధ్యలో నొప్పి వస్తే మళ్ళీ నూనె వాడొచ్చా? తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి పంపుతారు కదా.

మోలార్_మాస్టర్
అప్పుడు వాడి లాభం లేదు, గుంత మూసేసి ఉంటుంది, నూనె చిగురుకే తగులుతుంది. తాత్కాలిక ఫిల్లింగ్ ఊడినా, నొప్పి మళ్ళీ పెరిగినా ఫోన్ చేసి వెళ్ళిపోవడమే.

కొండమల్లి
ఒక్కటి తేలలేదు. సీసాలో మిగిలిన నూనె ఏం చేయాలి? పారేయాలా, ఇంట్లో ఉంచుకోవాలా? చిన్న పిల్లలున్న ఇంట్లో ఉంచనే కూడదని సరస్వతి గారు అంటారేమో.

పిల్లల_వార్డు_సరస్వతి
అవును, అదే అంటాను. తాళం వేసే చోటు లేకపోతే ఇంట్లో ఉంచకండి, నాని గారు బీరువా పైన పెట్టినది కూడా తీసేయండి. ఏడాదిన్నర పిల్లలు ఇంకొన్ని నెలల్లో కుర్చీ లాక్కుని ఎక్కడం నేర్చుకుంటారు.

మోలార్_మాస్టర్
నేను ఇంత కచ్చితంగా అనను, తాళంలో ఉంటే ఉంచుకోవచ్చు. అయితే మూత బిగించి, ఆ పేరు చీటీ ఊడిపోకుండా చూడండి.